9 అంగుళాల ప్రహరీకి మాలు ఎంత పడుతుంది? మేస్త్రీ 24 బస్తాలంటున్నాడు, నా లెక్కకు 13 వస్తున్నాయి

రవి_ఖమ్మం

అందరికీ నమస్కారం. ఖమ్మం దగ్గర మా స్థలానికి ప్రహరీ కట్టిస్తున్నాను. పునాది, ప్లింత్ బీము అయిపోయాయి. వాటి మీద 100 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తుతో 9 అంగుళాల ఇటుక గోడ రావాలి. కూలి మేస్త్రీది, సామాను నాది. మాలులో సిమెంట్ ఒకటికి ఇసుక ఆరు అని మాట్లాడుకున్నాం.

మేస్త్రీ 24 బస్తాల సిమెంట్ దింపమంటున్నాడు. నేను వేసిన లెక్క ఇది. 100 × 5 × 0.75 అంటే 375 ఘనపుటడుగుల గోడ. అందులో మాలు 30 శాతం ఉంటుందని ఎక్కడో చదివాను, అంటే 112.5. ఒకటికి ఆరు అంటే మొత్తం ఏడు భాగాలు కాబట్టి ఏడుతో భాగిస్తే సిమెంట్ 16 ఘనపుటడుగులు. బస్తాకి 1.226 చొప్పున 13 బస్తాలు. పది శాతం తేడా అంటే అర్థం చేసుకుంటాను, ఇది దాదాపు రెట్టింపు. మేస్త్రీ ఎక్కువ చెబుతున్నాడా, నా లెక్కలో ఏదైనా పోయిందా?

లెక్కల_శ్రీను

రవి గారూ, మీరు డ్రై వాల్యూమ్ మర్చిపోయారు. 112.5 అనేది గోడలోకి వెళ్లే తడి మాలు. నీళ్లు ఆరిపోయాక మాలు కుంచించుకుపోతుంది కాబట్టి పొడి సరుకు ఎక్కువ కావాలి. తడి ఘనపరిమాణాన్ని 1.33తో గుణించాలి. 112.5 × 1.33 = 149.6. ఏడుతో భాగిస్తే 21.4, బస్తాల్లో 17.4. అంటే 18 బస్తాలు తెప్పించుకోండి. కాలేజీలో మాకు నేర్పిందీ ఇదే, సైట్‌లో ఎక్సెల్ షీట్‌లో ఉన్నదీ ఇదే.

కట్టుబడి_నరసయ్య

తమ్మీ, గా 30 శాతం, 1.33 మాకెర్క లేదు. నాటు ఇటుకతోని తొమ్మిదించుల గోడ కడితె బస్తాకు 200 ఇటుకలు నడుస్తయ్. నీ గోడకు ఎన్ని ఇటుకలు తెప్పిచ్చినవో చెప్పు, 200తోని భాగించుకో, అయిపాయె. మీ మేస్త్రీ అబద్ధం చెప్పలే.

రవి_ఖమ్మం

నరసయ్యన్నా, 5000 ఇటుకలు తెప్పించాను. మీ లెక్కకు 25 బస్తాలు. అంటే మా మేస్త్రీ కూడా ఇదే లెక్కలో చెప్పి ఉంటాడు. శ్రీను గారి లెక్కకు 18. ఇప్పుడు మూడు అంకెలయ్యాయి.

షార్జా_మల్లేశ్

అన్నా, 500 చదరపు అడుగులకు 24 బస్తాలా? మా ఊళ్లో ఇంటికి 12 మిల్లీమీటర్ల మందం వేయించాం, ఒక పక్కకు అంత ఏరియాకి అందులో సగం కూడా పట్టలే. ఇసుక జల్లెడ పట్టించావా లేదా? జల్లెడ పట్టకపోతే మందం పెరిగిపోతది.

లక్ష్మీదుర్గ_తెనాలి

మల్లేశ్ గారూ, మీరు చెబుతున్నది ప్లాస్టరింగ్ కదండీ. రవి గారు అడిగింది గోడ కట్టుబడి.

షార్జా_మల్లేశ్

ఓహ్, అవునక్కా. ఇక్కడి నుంచి ఫోన్‌లో చూస్తున్నా, టైటిల్ సరిగ్గా చదవలే. అయితే ప్లాస్టరింగ్ అప్పుడు కూడా ఈ గొడవే వస్తది, రాసిపెట్టుకోండి.

ఎస్టిమేట్_సూర్యం

రవి గారూ, మీ ముగ్గురి అంకెలూ వేటి లెక్కలో అవి వస్తున్నాయి. కానీ మూడింటిలోనూ మీ ఇటుక లేదు, ఇటుకల మధ్య మాలు పోసే సందు లేదు, మీ ఇసుక లేదు. 30 శాతం అన్నది వేరెవరిదో గోడ. ముందు రెండు కొలతలు తీసి పెట్టండి.

మొదటిది ఇటుక. ఒక్క ఇటుకను కొలవకండి, నాటు ఇటుక ఒకటి ఉన్నట్టు ఇంకోటి ఉండదు. కుప్పలోంచి ఏరకుండా 20 ఇటుకలు తీసి, నేల మీద పొడవు వెంట ఆనించి పేర్చి మొత్తం కొలవండి. తర్వాత అవే ఇటుకలను వెడల్పు వెంట, ఎత్తు వెంట కూడా. 20తో భాగిస్తే నిజమైన సగటు వస్తుంది.

రెండోది, మీ మేస్త్రీ ఇంతకుముందు కట్టిన గోడ ఏదైనా దగ్గరలో ఉంటే, ప్లాస్టరింగ్ కానిది చూసి, పది వరసల ఎత్తు టేపుతో కొలవండి. ఆయన సందు ఎంత మందం పెడతాడో దాంట్లోనే తెలుస్తుంది. ఆయన్ని అడిగితే అర అంగుళం అనే చెబుతాడు.

రవి_ఖమ్మం

సూర్యం గారూ, కొలిచాను. 20 ఇటుకల పొడవు 14 అడుగుల 2 అంగుళాలు, వెడల్పు 6 అడుగుల 8 అంగుళాలు, ఎత్తు 4 అడుగుల 7 అంగుళాలు. అంటే ఇటుక 8.5 × 4 × 2.75 అంగుళాలు. నాకు అమ్మినవాడు మాత్రం 9 × 4.5 × 3 అని రాసిచ్చాడు! ఇటుక మీద కంపెనీ అక్షరాల గుంట ఉంది.

మేస్త్రీ పక్క వీధిలో కట్టిన గోడ చూశాను. పది వరసలు 35 అంగుళాలు వచ్చాయి.

ఎస్టిమేట్_సూర్యం

మంచి కొలతలు. ఇక గోడను విప్పి చూద్దాం.

9 × 4.5 × 3 అన్నది సందుతో కలిపి చెప్పే కొలత అని బట్టీవాళ్లు సర్దుకుంటారు, దాని సంగతి పక్కన పెట్టండి. మీ గోడ మందం ఎంత? 4 అంగుళాల ఇటుకలు రెండు పక్కపక్కన పెట్టి మధ్యలో అర అంగుళం మాలు పోస్తే 8.5. అడ్డంగా పెట్టిన ఇటుక పొడవు కూడా 8.5. అంటే మీ '9 అంగుళాల గోడ' నిజానికి 8.5 అంగుళాల గోడ. 100 అడుగుల పొడవుకి, 5 అడుగుల ఎత్తుకి అది 354 ఘనపుటడుగులు, 375 కాదు.

ఇప్పుడు ఇటుకలు. సందు అర అంగుళమే అనుకుంటే ముందు నుంచి చూసినప్పుడు ఒక్కో ఇటుక 9 × 3.25 అంగుళాల చోటు ఆక్రమిస్తుంది. చదరపు అడుగుకి 4.92, రెండు వరుసల మందానికి 9.85, 500 చదరపు అడుగులకి సుమారు 4920 ఇటుకలు. ఒక ఇటుక 93.5 ఘనపు అంగుళాలు, అంటే 0.054 ఘనపుటడుగులు. మొత్తం ఇటుకల ఘనపరిమాణం 266. గోడ 354లోంచి 266 తీసేస్తే మిగిలింది మాలు: 88 ఘనపుటడుగులు.

అంటే 25 శాతం. 30 కాదు. దీనికి ఇటుక మీది గుంట నింపడానికి ఒక 7 అడుగులు కలపండి. తాపీ మీంచి జారేది, నేల మీద పడేది, సాయంత్రం తట్టలో గట్టిపడేది కలిపి పది శాతం వేయండి. మొత్తం 104 ఘనపుటడుగుల తడి మాలు. ఇది సందు అర అంగుళం ఉంటేనే సుమా.

మీ మేస్త్రీ గోడలో పది వరసలు 35 అంగుళాలు వచ్చాయన్నారు. అర అంగుళం సందుతో 32.5 రావాలి. వరసకి పావు అంగుళం ఎక్కువ, అంటే ఆయన అడ్డ సందు ముప్పావు అంగుళం పెడుతున్నాడు. అదే లెక్క ముప్పావు అంగుళంతో తిరిగి వేస్తే ఇటుకలు 4570కి తగ్గుతాయి, మాలు 104 నుంచి దాదాపు 125కి పెరుగుతుంది. కంటికి కనిపించని పావు అంగుళానికి మాలు ఐదో వంతు పెరిగింది.

కట్టుబడి_నరసయ్య

సూర్యం సారూ, లెక్క మంచిగ చెప్పిన్రు. కని నాటు ఇటుక వంకర ఉంటది. ఒకటి రెండున్నర, ఇంకోటి మూడు ఇంచులు. అర ఇంచు సందు పెట్టుమంటె దారం వట్టిన వరస ఎట్ల నిలవడ్తది? సందు లావయ్యేది మేస్త్రీ బద్దకంతోని కాదు, ఇటుకతోని.

ఎస్టిమేట్_సూర్యం

నిజమే నరసయ్య గారూ. ఇటుక కట్టుబడికి భారత ప్రమాణం ఐఎస్ 2212 ప్రకారం సందు 10 మిల్లీమీటర్లు దాటకూడదు, కానీ ఆ మాట అచ్చులో పోసి చెక్కినట్టు ఉండే ఇటుకకి సరిపోతుంది. నాటు ఇటుకకి అర అంగుళం కంటే తక్కువ అడగడం అన్యాయం. ముప్పావుకి మాత్రం నేను ఒప్పుకోను. వంకర ఇటుకలు ఏరి లోపలి వరుసకి వాడితే అర అంగుళానికీ, అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులకీ మధ్యలో ఆగుతుంది.

లెక్కల_శ్రీను

సరే సార్, తడి మాలు 104 అనుకుందాం. అప్పుడు 1.33తో 138, ఏడుతో భాగిస్తే 19.8, అంటే 16 బస్తాలు. నా పద్ధతి సరైనదే కదా, అంకె మాత్రం మారింది.

ఎస్టిమేట్_సూర్యం

శ్రీను బాబూ, పద్ధతి పనికొస్తుంది, కారణం మాత్రం నువ్వు చెప్పినది కాదు. నీళ్లు ఆరిపోవడం వల్ల కాదు. ఇసుక రేణువుల మధ్య ఖాళీ ఉంటుంది, వదులుగా పోసిన ఇసుకలో మూడో వంతుకు పైగా ఖాళీయే. ఆరు డబ్బాల పొడి ఇసుకలో ఒక డబ్బా సిమెంట్ కలిపితే ఏడు డబ్బాలు రావు. సిమెంట్ వెళ్లి ఆ ఖాళీల్లో కూర్చుంటుంది. నీళ్లు కలిపాక ఆరు డబ్బాలకి కాస్త అటూ ఇటూ మాలు వస్తుంది. సైట్‌లో ఇది చిన్న డబ్బాతో చేసి చూడు, పావుగంట పని.

అందుకే మన రాష్ట్రాల ప్రభుత్వ పనుల డేటాలో ఒకటికి ఆరు మాలుకి ఘనపు మీటరుకి 240 కిలోల సిమెంట్ రాశారు. ఘనపు మీటరు సిమెంట్ బరువు 1440 కిలోలని ఆరుతో భాగించారంతే. ఒక ఘనపు మీటరు ఇసుక ఒక ఘనపు మీటరు మాలు ఇస్తుందన్న ఊహ అది. కేంద్ర ప్రజాపనుల శాఖ వాళ్లు కొంచెం జాగ్రత్తపడి 250 కిలోలు, 1.07 ఘనపు మీటర్ల ఇసుక పెట్టుకున్నారు. నీ 1.33తో వేస్తే 274 కిలోలు వస్తుంది.

అసలు సంగతేమిటంటే 1.33 అన్ని పాళ్లకీ ఒక్కటిగా పనిచేయదు. ఒకటికి ఆరులో సిమెంట్ తక్కువ, మొత్తం ఖాళీల్లోనే ఇమిడిపోతుంది. ఏడు భాగాలు సుమారు ఆరవుతాయి, అంటే గుణకం 1.17. కేంద్ర శాఖ అంకెలతో చూస్తే 1.25. ఒకటికి మూడుకి వచ్చేసరికి సిమెంట్ ఎక్కువ, నాలుగు భాగాలు మూడుకి దగ్గరవుతాయి, అక్కడ 1.33 కనిపిస్తుంది. దాన్ని అన్నిటికీ అంటించేశారు. ఒకటికి ఆరులో అది నిన్ను ముంచదు, రెండు బస్తాలు ఎక్కువ తెప్పిస్తుంది.

రవి గారి గోడకి 104 అడుగుల మాలుకి ఇసుక 104, సిమెంట్ 104 ÷ 6 = 17.3 ఘనపుటడుగులు, అంటే 14 బస్తాలు. కేంద్ర శాఖ లెక్కకి 15 లోపు. శ్రీను లెక్కకి 16. ఈ మూడింటిలో ఏది పట్టుకున్నా గోడ నిలబడుతుంది. గొడవంతా 16కీ 24కీ మధ్య ఉంది.

లెక్కల_శ్రీను

ఒప్పుకున్నా సార్, కానీ తడి మాలుని నేరుగా ఏడుతో భాగించకూడదు కదా? రవి గారు చేసింది అదే.

ఎస్టిమేట్_సూర్యం

అవును. తడి మాలుని ఏడుతో భాగిస్తే తక్కువ వస్తుంది. తడి మాలుని ఆరుతో భాగించు, లేదా గుణకం వేశాక ఏడుతో భాగించు. రవి గారిది విచిత్రమైన లెక్క: మాలు ఎక్కువ అనుకున్నారు, భాగహారంలో తక్కువ చేశారు, రెండూ కొట్టుకుని 13 వచ్చింది. సరైన 14కి దగ్గరగా ఉంది కదా అని దాన్ని నమ్మొద్దు.

రవి_ఖమ్మం

అర్థమైంది సార్. మరి మా మేస్త్రీ 24 ఎక్కడి నుంచి వచ్చింది? ముప్పావు అంగుళం సందు అనుకున్నా 125 ÷ 6, అంటే 17 బస్తాలు. మిగతా 7 బస్తాలు?

కట్టుబడి_నరసయ్య

తట్టలు లెక్కవెట్టు తమ్మీ. బస్తాకు ఎన్ని తట్టల ఉసికె ఏస్తుండో సూడు.

రవి_ఖమ్మం

అన్నా, ఈ రోజు ప్లింత్ బీము పక్కన చిన్న తొట్టి కడుతుంటే చూశాను. బస్తాకి 16 తట్టలు, అంచుకి సమంగా. తట్ట పెద్దదో చిన్నదో నాకు తెలియదు.

ఎస్టిమేట్_సూర్యం

తట్టని కొలవడానికి ఒక చెక్క డబ్బా చేయించండి, లోపలి కొలత 12 × 12 × 15 అంగుళాలు. అది 1.25 ఘనపుటడుగులు, ఒక బస్తా సిమెంట్ ఘనపరిమాణానికి దాదాపు సమానం. ఆ డబ్బా నిండడానికి ఎన్ని తట్టలు పడతాయో చూడండి. ఒకటికి ఆరు అంటే బస్తాకి ఆ డబ్బాతో ఆరు.

ఒక జాగ్రత్త. బస్తా విప్పి సిమెంట్‌ని తట్టతో కొలిచి, దానికి ఆరు రెట్లు ఇసుక అనుకోకండి. పోసిన సిమెంట్ పొంగుతుంది, బస్తాలో ఉన్నంత గట్టిగా ఉండదు. సగం బస్తాతో మాలు కలపాల్సి వస్తే తూకం వేయండి, లేదంటే బస్తా మొత్తం కలపండి. సిమెంట్ ఎప్పుడూ బస్తాల్లో, ఇసుక డబ్బాల్లో.

ఇంకొకటి కూడా చేయండి. నిలువు గోడలున్న గ్లాసు జాడీలో మీ ఇసుకని, కుప్ప లోపలి నుంచి తీసింది, తట్టి అదమకుండా 20 సెంటీమీటర్ల ఎత్తుకి నింపండి. దాన్ని వేరే గిన్నెలోకి తీసి, జాడీలో సగం నీళ్లు పోసి, ఇసుకని మళ్లీ అందులో వేసి కర్రతో కలపండి. తేరుకున్నాక ఎత్తు ఎంతుందో చెప్పండి.

రవి_ఖమ్మం

డబ్బాకి 3 తట్టలు పట్టాయి. జాడీలో ఇసుక 20 నుంచి 16 సెంటీమీటర్లకి దిగింది. నాలుగు సెంటీమీటర్లు ఎక్కడికి పోయింది?

ఎస్టిమేట్_సూర్యం

ఎక్కడికీ పోలేదు, అది మొదటి నుంచీ గాలి. చెమ్మ ఉన్న ఇసుకలో రేణువుల చుట్టూ సన్నటి నీటి పొర ఉండి వాటిని దూరంగా పట్టుకుంటుంది. పూర్తిగా ఎండినా, పూర్తిగా మునిగినా ఆ పొర పనిచేయదు, అందుకే నీళ్లలో 16కి దిగింది. 16కి 4 అంటే 25 శాతం పొంగు. సన్న ఇసుకైతే ఇంకా ఎక్కువ పొంగుతుంది.

ఇప్పుడు మీ మేస్త్రీ మాలు చూద్దాం. 16 తట్టలు, మూడు తట్టలకి 1.25 చొప్పున 6.67 ఘనపుటడుగులు. చూడ్డానికి ఒకటికి ఐదున్నర. కానీ దాంట్లో అసలు ఇసుక 6.67 ÷ 1.25, అంటే 5.33 మాత్రమే. బస్తా 1.226తో పోలిస్తే ఒకటికి 4.35. మీరు మాట్లాడుకున్నది ఒకటికి ఆరు, గోడలోకి వెళ్తున్నది ఒకటికి నాలుగుం పావు పైన.

125 అడుగుల మాలు ÷ 5.33 = 23.4. ఇదిగో మీ 24 బస్తాలు. 4570 ఇటుకలని 23.4తో భాగిస్తే బస్తాకి 195 ఇటుకలు, నరసయ్య గారి 200 కూడా ఇదే. ఎవరూ దొంగలెక్క చెప్పలేదు. లావు సందు, పొంగిన ఇసుక, 18కి బదులు 16 తట్టలు కలిసి ఆ అంకె తయారైంది.

మీ ఇసుకతో ఒకటికి ఆరు రావాలంటే బస్తాకి 18 తట్టలు కూడా చాలవు, 22 వేయాలి. వాన పడి ఇసుక నీళ్లలో నానితే, లేదా ఎండకి ఎండితే ఈ 22 మళ్లీ మారుతుంది. జాడీ పరీక్ష మళ్లీ చేయండి.

కట్టుబడి_నరసయ్య

సూర్యం సారూ, 22 తట్టలేస్తె మాలు గరగర అయితది. తాపీకి అంటది, ఇటుకకు అంటదు. నిలువు సందులల్ల పోస్తె జారిపోతది. మేస్త్రీలు ఎందుకు 16 ఏస్తరంటె మాలు మెత్తగ ఉండాలె, చెయ్యి నడువాలె. సిమెంట్ మిగిలిందని మీరు సంబురపడ్తరు, నిలువు సందులు బోళ్లగ ఉంటయ్, వానకు నీళ్లు దాట్తయ్.

ఎస్టిమేట్_సూర్యం

ఇది నరసయ్య గారు కొట్టిపారేయలేని మాట చెప్పారు. తక్కువ సిమెంట్ మాలు గరుకు ఇసుకతో కలిపితే అంత తేలిగ్గా పారదు. పూర్వం సున్నం కలిపేవారు, ఆ మెత్తదనం కోసమే. ఇసుక మరీ గరుకైతే కొంచెం సన్న ఇసుక కలిపి చూడాలి. నీళ్లు పోసి మెత్తగా చేయడం మాత్రం వద్దు.

అలాగని సిమెంట్ ఎక్కువ పోస్తే గోడ గట్టిదవుతుందనీ అనుకోకండి. మాలు ఇటుక కంటే గట్టిగా ఉంటే కుంచించుకున్నప్పుడు పగుళ్లు సందు వెంట కాక ఇటుకలోంచే పోతాయి. నాటు ఇటుక ప్రహరీకి ఒకటికి ఆరు చాలు. 22 తట్టలతో పని నడవకపోతే ఒకటికి ఐదు చేయండి, అంటే 19 తట్టలు.

లెక్కల_శ్రీను

సార్, ఒకటికి ఐదు అయితే నా 1.33 కూడా బాగానే పనిచేస్తుందేమో?

ఎస్టిమేట్_సూర్యం

1.2, 1.25 దగ్గర ఉంటుంది. నువ్వు 1.33ని వదలవు కదా!

లక్ష్మీదుర్గ_తెనాలి

ఇది చదివాక నాకో సందేహం. మేం పైన గదుల మధ్య నాలుగున్నర అంగుళాల గోడలు కట్టిస్తున్నాం, మొత్తం 300 చదరపు అడుగులు. మా ఇంజనీరు గారు 9 అంగుళాల గోడకి వచ్చిన సిమెంట్‌లో సగం వేసుకోమన్నారు. ఒకటికి నాలుగు మాలు అట. సగం సరిపోతుందా?

ఎస్టిమేట్_సూర్యం

అమ్మా, సరిగ్గా సగం రాదు. తొమ్మిది అంగుళాల గోడలో రెండు ఇటుకల మధ్య పొడవునా ఒక మాలు పొర ఉంటుంది. నాలుగున్నర అంగుళాల గోడలో ఆ పొరే ఉండదు. రవి గారి ఇటుకే అనుకుంటే 9 అంగుళాల గోడలో మాలు 25 శాతం, ఒంటి ఇటుక గోడలో 20 శాతమే. చదరపు అడుగుకి 0.067 ఘనపుటడుగులు. మీ 300 అడుగులకి 20, గుంట, వృథా కలిపి 24.

అయితే మాలు తగ్గినా పాళ్లు ఒకటికి నాలుగు. 24 ÷ 4 = 6 ఘనపుటడుగులు, 5 బస్తాలు. అదే 300 అడుగులు 9 అంగుళాల గోడ ఒకటికి ఆరుతో కడితే ఎనిమిదిన్నర. సగం అంటే నాలుగుం పావు. సగమే తెప్పిస్తే మీకు ముప్పావు బస్తా తక్కువ పడుతుంది, అంతే. మీ ఇటుక కొలతలు వేరైతే ఇది మారుతుంది, 20 ఇటుకలు పేర్చి కొలిపించండి.

లక్ష్మీదుర్గ_తెనాలి

మావి బూడిద ఇటుకలండీ, అన్నీ ఒకే సైజు. గుంట లేదు.

ఎస్టిమేట్_సూర్యం

అయితే గుంట లెక్క తీసేయండి. సందు కూడా 10 మిల్లీమీటర్లు పెట్టించవచ్చు. 4 బస్తాలకే అయిపోవచ్చు. కానీ ఇటుక తడపడం మరవొద్దు, పొడి ఇటుక మాలులోని నీళ్లు లాగేస్తుంది.

షార్జా_మల్లేశ్

సూర్యం సార్, ఒక డౌటు. రవి అన్న ఇసుక అడుగుల్లో కొనాలా, టన్నుల్లో కొనాలా? మా దగ్గర ట్రాక్టర్ అంటరు, మా బావ వాళ్ల దగ్గర టన్నులు అంటరు. అడుగుల్లో కొంటే గాలికి కూడా డబ్బు కడుతున్నట్టేనా?

ఎస్టిమేట్_సూర్యం

ఈసారి సరైన ప్రశ్న అడిగావు మల్లేశ్. అడుగుల్లో కొంటే గాలికి కడతావు, టన్నుల్లో కొంటే నీళ్లకి కడతావు. ఏది తక్కువ నష్టమో చూసుకో. రవి గారికి 104 అడుగుల అసలు ఇసుక కావాలి. 25 శాతం పొంగుతో అది ట్రాక్టర్ తొట్టిలో 130 అడుగులు. తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి, '100 అడుగుల ట్రాక్టర్' అన్న మాటని నమ్మకండి. తూకంలో అయితే పొడి ఇసుక నాలుగున్నర, ఐదు టన్నుల మధ్య. చెమ్మ వల్ల ఐదు శాతం బరువు పెరుగుతుంది, పొంగు 25 శాతం. నన్నడిగితే టన్నే నయం.

కట్టుబడి_నరసయ్య

టన్ను అయితె వాళ్లు ఉసికె మీద నీళ్లు కొట్టి తెస్తరు సారూ.

ఎస్టిమేట్_సూర్యం

అదీ నిజమే, నీళ్లు కారుతున్న లారీ కనిపిస్తే ఆపమనండి.

రవి_ఖమ్మం

సార్, మేస్త్రీతో మాట్లాడాను. 22 తట్టలకి ఒప్పుకోలేదు. 19కి ఒప్పుకున్నాడు, ఒకటికి ఐదు. అర అంగుళం సందు కూడా కుదరదట, పది వరసలకి 34 అంగుళాలు దాటనివ్వనన్నాడు. అంటే సందు 0.65 అంగుళం. ఇటుకలు 4700, మాలు మీ పద్ధతిలో వేసుకుంటే 117 అడుగుల లోపు. ఐదుతో భాగిస్తే 23.4, బస్తాలు 19. ముందు 12 బస్తాలే దింపుతున్నాను, సగం గోడ లేచాక మిగతావి. ఇసుక ఎక్కువ రోజులు ఉంటే ఫర్వాలేదు కానీ సిమెంట్ వానాకాలంలో ఉంచడం ఇష్టం లేదు.

కూలి మాత్రం ఆయన 375 అడుగులకే అడుగుతున్నాడు, '9 అంగుళాల గోడ' అని మాట్లాడుకున్నాం కదా అంటాడు. గోడ 354 అడుగులే ఉన్నప్పుడు 375కి ఎలా ఇవ్వాలి?

కట్టుబడి_నరసయ్య

తమ్మీ, అది అందరికి గట్లనే ఇస్తరు. చదరం లెక్కల మాట్లాడుకుంటె గీ గొడవ రాకపోవు.

లెక్కల_శ్రీను

మా సైట్‌లో ఇటుక పనికి అసలు మందమే కొలుస్తారు, 9 అంగుళాలు అని రాసినా సరే.

ఎస్టిమేట్_సూర్యం

ఒప్పందంలో ఏం రాసుకున్నారో అదే నడుస్తుంది రవి గారూ, దీనికి నా దగ్గర లెక్క లేదు. ఘనపుటడుగు రేటు కాగితం మీద ఉందా, నోటి మాటా?

రవి_ఖమ్మం

నోటి మాటే సార్.